చెంపలకు రంగెందుకు పట్టదు?

మా పెద్దక్కది విజయవాడ సత్యనారాయణపురం. ఒక ఆదివారం పొద్దున పక్కింటి అమ్మాయి చేత తలకు రంగు వేయించుకుని, సాయంత్రం గుంటూరులో ఉన్న నాకు ఫోను చేసింది. “ఒరేయ్ తమ్ముడూ, ముప్పై ఏళ్ళు కాలేజీలో కెమిస్ట్రీ చెప్పావు కదా, ఈ సంగతి చెప్పు. వెనుక జడంతా నిగనిగలాడుతోంది. చెంపలు, నుదుటి అంచు మాత్రం కుంచె తగలనట్టే తెల్లగా ఉన్నాయి. అందరికీ కనపడేది అదే కదరా!”

రంగు ఎప్పుడు మొదలుపెట్టారు, ఎక్కడ మొదలుపెట్టారు అని అడిగాను. తొమ్మిదింటికి మెడ వెనుక నుంచి మొదలుపెట్టారట. జుట్టు ఒత్తుగా ఉంటుంది కనుక పాయలు తీసుకుంటూ ముందుకు వచ్చేసరికి 9.25 అయింది. గిన్నెలో మిగిలిన కాస్త రంగునూ చెంపలకు పులిమారు. కాగితం మీద అరగంట అని ఉంది, తాము నలభై నిమిషాలు ఉంచామని చెప్పి 9.40కి కడిగేశారు. అంటే మెడ వెనుక జుట్టుకు 40 నిమిషాలు దక్కితే, చెంపలకు దక్కింది 15. చెంపల మొండితనం సగం ఈ లెక్కలోనే ఉంది. మిగతా సగం వెంట్రుకలో ఉంది.

నెరిసిన వెంట్రుకను భూతద్దంలో కాకుండా సూక్ష్మదర్శినిలో చూస్తే, పైన పెంకుటింటి కప్పు కనిపిస్తుంది. సన్నటి పొలుసులు ఒకదాని మీద ఒకటి వరుసగా కప్పుకుని ఉంటాయి. సహజమైన నలుపు ఉండేది ఈ పెంకుల కింద, వెంట్రుక నడిభాగంలో. రంగు కూడా అక్కడికే చేరాలి. పైపైన అంటుకున్నది రెండు తలస్నానాలకు పోతుంది.

ట్యూబులోని క్రీములో ఉండేది నిజానికి రంగు కాదు, రంగుకు ముడిసరుకు. పారా ఫినైలిన్ డయమీన్, పొట్టిగా పీపీడీ, లేదా దాని చుట్టాలు, వాటితో జతకట్టే మరికొన్ని చిన్న అణువులు. వీటికి రంగు ఉండీ లేనట్టే ఉంటుంది. క్రీములోని అమ్మోనియా పెంకులను ఉబ్బించి సందులు తెరుస్తుంది. చిన్న అణువులు ఆ సందుల్లోంచి లోపలికి దూరతాయి. రెండో సీసాలోని డెవలపర్, అంటే హైడ్రోజన్ పెరాక్సైడ్, వాటిని లోపలే ఆక్సీకరించి ఒకదానితో ఒకటి అతికిస్తుంది. అప్పుడు పుట్టే పెద్ద అణువే అసలు రంగు. సన్నమూతి చెంబులో బియ్యం పోసి అన్నం వండితే ముద్ద బయటకు రానట్టు, ఆ పెద్ద అణువు వెంట్రుక లోపల చిక్కుకుపోతుంది.

ఇది రెండు అంచెల పని. ముందు తలుపు తెరుచుకోవాలి, తరువాత లోపల వంట జరగాలి. పదిహేను నిమిషాలకే కడిగేస్తే తలుపు తెరిచి, ముడిసరుకు కాస్త లోపలికి వెళ్ళి, వంట సగంలో పొయ్యి ఆర్పినట్టు.

చెంపల దగ్గర ఆ తలుపే కాస్త బిగువు. అక్కడి తెల్లవెంట్రుకలు తరచుగా తీగల్లా గట్టిగా, నిక్కబొడుచుకుని ఉంటాయి. కుంచెతో రాస్తే రంగు కింద వెంట్రుక పడుకోదు, ఒక పక్కనే తడుస్తుంది. పైగా నుదుటి చర్మం ఊరించే జిడ్డు, మన కొబ్బరినూనె, ముఖానికి రాసుకున్న క్రీములు అన్నీ చేరేది ఆ అంచుకే. ఇంకొక కారణం మన కంటిది. తల వెనుక పది వెంట్రుకల్లో రెండు తెల్లవైతే, వాటికి రంగు సగమే పట్టినా మిగతా ఎనిమిదీ కప్పేస్తాయి. చెంపల మీద అన్నీ తెల్లవే. అక్కడ ఏ చిన్న లోపమైనా దాచే నల్లవెంట్రుక పక్కన ఉండదు.

వచ్చే నెల ఆడపడుచు కొడుకు పెళ్లి ఉందని, ఈసారి నన్నే దగ్గరుండి వేయించమని అక్క పట్టుబట్టింది. పెళ్లికి రెండు రోజుల ముందు పెట్టుకుందాం అన్నాను. చర్మం మీద మరకలేమైనా మిగిలితే ఆ రెండు రోజుల్లో వాటంతట అవే పోతాయి. అంతకు మరో రెండు రోజుల ముందు, కలిపిన రంగు చుక్క ఒకటి చెవి వెనుక రాసి 48 గంటలు చూడమన్నాను. “పదేళ్ళుగా వేసుకుంటున్నాను, ఇప్పుడేమిటి పరీక్ష?” అంది. పీపీడీ ఎలర్జీ తీరే అంత. ఏళ్ళ తరబడి ఏమీ చేయనిది ఒకరోజు హఠాత్తుగా దురద, పొక్కులు, కనురెప్పల వాపు తెస్తుంది. ఒకసారి వచ్చిందంటే ఇక జన్మంతా ఉంటుంది. నల్ల హెన్నా అని అమ్మే పొడుల్లో చాలావాటిలో ఉండేదీ ఈ పీపీడీయే. అసలు గోరింటాకు తెల్లజుట్టును ఎర్రగా చేస్తుంది తప్ప, ఒక్కటే వేస్తే నల్లగా చేయదు.

ముందురోజు రాత్రి షాంపూతో తలస్నానం చేయించాను. నూనె లేదు, కండిషనర్ లేదు. రంగు వేసే రోజే గట్టిగా రుద్ది కడిగితే మాడు మంటపుడుతుంది, అందుకే ముందురోజు. ఇక షేడు. అక్కకు బంగారు గోధుమరంగు మీద మనసు పోయింది. ఆ ఛాయలు పలచని గాజులాంటివి. కింద నలుపు ఉంటే మెరుస్తాయి, తెలుపు ఉంటే అది కనపడిపోతుంది. మొండి తెలుపుకు సహజ నలుపో, ముదురు గోధుమో, ఏ హంగూ లేని షేడే దిక్కు. ఆ బంగారు మోజు తీరాలంటే సహజ షేడులో సగానికి సగం కలుపుకోవచ్చు. అక్క ముదురు గోధుమతో సరిపెట్టుకుంది.

డెవలపర్ సీసా మీద 20 వాల్యూమ్ అని ఉంటే అందులో 6 శాతం పెరాక్సైడ్ ఉన్నట్టు. ఒక మిల్లీలీటరు ద్రవం విడిపోతే 20 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వస్తుందని ఆ మాటకు అర్థం. తెలుపును కప్పడానికి అదే సరైన బలం. ఇంకా ఘాటుది తెస్తే త్వరగా పడుతుందని కొందరు అనుకుంటారు. అది మిగిలిన నలుపును వెలవెలబోయేలా చేస్తుంది, మాడును మండిస్తుంది, తెలుపుకు అదనంగా ఒరగబెట్టేది ఏమీ లేదు. క్రీము, డెవలపర్ చెరి 30 గ్రాములు ప్లాస్టిక్ గిన్నెలో కలిపాం. మా పెట్టె మీద ఉన్న పాళ్ళు అవే, మీ పెట్టె మీద వేరే ఉంటే వాటినే పాటించాలి. లోహపు గిన్నె వద్దు, కొన్ని లోహాలు పెరాక్సైడ్‌ను ముందే విడగొట్టేస్తాయి. కలిపిన క్షణం నుంచే వంట మొదలవుతుంది కనుక మిగిలినదాన్ని మూతబెట్టి దాచడం కుదరదు. వాయువు పుట్టి సీసా ఉబ్బుతుంది కూడా.

నుదుటి మీద మరక పడకుండా వాజ్‌లైన్ రాస్తారు. ఇక్కడొక తమాషా జరుగుతుంది. వేలితో దట్టంగా పులిమితే అది అంచు వెంట్రుకల కుదుళ్ళకు అంటి, అక్కడ రంగు చొరకుండా కవచం కడుతుంది. నుదుటి వెంబడి సన్నటి తెల్లగీత మిగిలిందంటే చాలాసార్లు దోషి వాజ్‌లైనే. అంచుకు ఒక అంగుళంలో పావు వంతు దూరంగా, చర్మం మీద మాత్రమే పలచగా రాయాలి.

సరిగ్గా తొమ్మిదింటికి ఎడమ చెంపతో మొదలుపెట్టాం. సన్నటి పాయలు తీశాం, అవతలి పాయ కంటికి కనపడేంత పలచగా. కుంచెతో ఒకసారి కిందికి, ఒకసారి పైకి, కుదురు రెండు వైపులా తడిసేలా, వెంట్రుక కనపడనంత మందంగా పెట్టాం. 9.05కి రెండు చెంపలు, నుదుటి అంచు పూర్తయ్యాయి. తరువాత పాపిడి, చివరికి వెనుక భాగం. పాత రంగు మీద మళ్ళీ పెట్టలేదు. జుట్టు నెలకు ఒక సెంటీమీటరు, కొంచెం పైన పెరుగుతుంది. ఆ కొత్త కుదుళ్ళకు, చెంపల మీద కిందటిసారి పట్టని చోటుకు మాత్రమే. 9.17కి అంతా అయిపోయింది.

ఇక బెజవాడ ఎండ. ఫ్యాను వేస్తే పలచని అంచు ముందు ఆరుతుంది, ఆరిన క్రీములోంచి ఏ అణువూ కదలదు, పని అక్కడితో ఆగుతుంది. ఫ్యాను ఆపితే చెమట కణతల నుంచి కారి రంగును కరిగించి కంట్లోకి తెస్తుంది. చెంపల మీద రెండోసారి రంగు మెత్తి, పైన పలచటి ప్లాస్టిక్ కాగితం అద్ది, అప్పుడు ఫ్యాను వేశాం. ఆ కాగితం తడిని ఆపుతుంది, నిక్కబొడుచుకున్న వెంట్రుకలనూ అణచిపెడుతుంది.

9.30కే అక్క అద్దంలో చూసి, “నల్లగా అయిపోయింది, కడిగేద్దాం” అంది. నల్లబడింది పైన ఉన్న క్రీము. అది గాలి తగిలి నల్లబడుతుంది, లోపలి వెంట్రుక సంగతి చెప్పదు. తడిపి పిండిన దూదితో నాలుగు వెంట్రుకలు తుడిచి కిటికీ దగ్గర వెలుతురులో చూపించాను. లోపల ఇంకా పొగచూరిన తెలుపే. 9.46కి మళ్ళీ తుడిస్తే కుదురు నుంచి ఒకే ముదురు రంగు. 9.47కి కొద్దిగా నీళ్ళు చల్లి, అంచు వెంబడి వేళ్ళతో మెల్లగా రుద్ది, కడిగేశాం. చెంపలకు 42 నిమిషాలు, వెనుక భాగానికి 30. మా కాగితం మొండి తెలుపుకు 45 వరకు అనుమతించింది. ఆ పైన ఉంచినా లాభం లేదు, అప్పటికి పెరాక్సైడ్ పని చాలావరకు అయిపోయి ఉంటుంది. మిగిలేది చర్మానికి చికాకు.

ఇంత చేసినా లొంగని పాయలు కొందరికి ఉంటాయి. పార్లర్లలో వాటికి ముందుగా ఒట్టి 20 వాల్యూమ్ డెవలపర్‌ను దూదితో అద్ది, పది పదిహేను నిమిషాలు ఉంచి, కడగకుండా తుడిచి, ఆపైన రంగు వేస్తారు. పెంకులు ముందే కొంత మెత్తబడతాయి. పుండో, గీరుకున్న చర్మమో ఉంటే ఆ పని చేయకూడదు. అమ్మోనియా లేదని చెప్పే రంగుల్లోనూ వేరే క్షారం ఉంటుంది. వాసన తక్కువ, తలుపు తెరిచే బలమూ తరచుగా తక్కువే, కనుక చెంపలు మొండికేసేవారికి అవి అంతగా కలిసిరావు. కనుబొమలకూ రెప్పలకూ మాత్రం ఈ రంగులేవీ వాడకూడదు, కన్ను దెబ్బతింటుంది.

పెళ్లిలో అక్క చెంపలు జడతో సమానంగా కనిపించాయి. కుడి చెవి ముందు బుగ్గ మీదికి దిగే నాలుగు వెంట్రుకలు మాత్రం ఒక ఛాయ తేలిపోయాయి. అక్కడ ప్లాస్టిక్ కాగితం లేచిపోయిన సంగతి నేను చూసుకోలేదు. ఇరవై రోజులకు ఫోను వచ్చింది. “మళ్ళీ బియ్యపుగింజంత తెల్లగీత వచ్చిందిరా, ఎప్పుడొస్తావు?”