అన్‌లిమిటెడ్ నెట్ 1 ఎంబీపీఎస్‌కు ఎందుకు పడిపోతుంది? ఎనిమిదేళ్లు దాటిన ఒక అంకె కథ

నెలాఖరు రాగానే స్పీడ్ టెస్ట్ స్క్రీన్‌షాట్లు మళ్లీ బయటికొస్తున్నాయి. కట్టింది 100 ఎంబీపీఎస్‌కు, వస్తున్నది 1. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే ‘మీకు ఎఫ్‌యూపీ అయిపోయిందండీ’ అంటారు. అన్‌లిమిటెడ్ అని అమ్మింది అయిపోవడమేమిటన్నదే గొడవ.

ఎఫ్‌యూపీ అంటే ఫెయిర్ యూసేజ్ పాలసీ. కొంత డేటా వరకు పూర్తి స్పీడ్, అది దాటితే బిల్లు పెరగదు గానీ స్పీడ్ తగ్గిస్తారు. ఈ గొడవకు మూలం 2016 అక్టోబర్ 31న టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఇచ్చిన ఆదేశంలో ఉంది.

డేటా పరిమితి ఎంత, అంతవరకు స్పీడ్ ఎంత, దాటాక ఎంత అన్నది కంపెనీలు వెబ్‌సైట్‌లోనూ ప్రకటనల్లోనూ చెప్పాలని ఆ ఆదేశం అంటుంది. వాడకం 50 శాతానికి, 90 శాతానికి చేరినప్పుడు కస్టమర్‌కు కబురు పెట్టాలి. లిమిట్ దాటాక కూడా ఇంటి బ్రాడ్‌బ్యాండ్ స్పీడ్ 512 కేబీపీఎస్ కంటే, అంటే సుమారు అర ఎంబీపీఎస్ కంటే దిగకూడదు. అన్‌లిమిటెడ్ అనే మాట వాడొద్దని మాత్రం అనలేదు. 512 అనే అంకె అప్పటి బ్రాడ్‌బ్యాండ్ నిర్వచనం. ఆదేశంలో ‘నిర్వచనం ప్రకారం ఎంతైతే అంత’ అని కాకుండా నేరుగా ఆ అంకెనే రాశారు. చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ 2023 జనవరిలో కేంద్రం బ్రాడ్‌బ్యాండ్ అంటే కనీసం 2 ఎంబీపీఎస్ అని మార్చింది. ఇప్పుడు 1 ఎంబీపీఎస్ ఇచ్చే కంపెనీ 2016 ఆదేశం మీరినట్టు కాదు, అలాగని 2023 లెక్కలో అది బ్రాడ్‌బ్యాండూ కాదు.

ఈ రెండింటి మధ్య 2020 సెప్టెంబర్ వచ్చింది. ఏడాది ముందు జియోఫైబర్ 699 రూపాయల ప్లాన్‌లో డేటా పరిమితి జీబీల్లో, వందల్లోనే ఉండేది. ఆ నెలలో అదే ధరకు అన్‌లిమిటెడ్ అన్నారు. ఎయిర్‌టెల్ కూడా అదే బాట పట్టింది. పరిమితి నిజానికి పోలేదు, 3,300 జీబీకి పెరిగి షరతుల పేజీలోకి వెళ్లింది. బీఎస్ఎన్ఎల్ ఫైబర్ ప్లాన్లలోనూ అదే అంకె కనిపించింది.

3,300 జీబీ అంటే రోజుకు 110. 4కే వీడియో గంటకు సుమారు 7 జీబీ అనుకుంటే, రోజుకు పదిహేను గంటలు చూడాలి. మామూలు ఇంట్లో అంత అవ్వదు. కంపెనీలు చెప్పేదీ ఇదే: ఒకే ఫైబర్ లైన్‌ను 32 లేదా 64 ఇళ్లు పంచుకుంటాయి, ఇద్దరు ముగ్గురు రాత్రింబవళ్లు లాగేస్తే మిగతావాళ్లకు అందదు.

అయితే ఇప్పుడు కొన్ని ఇళ్లలో మరో వస్తువు ఉంది. అది క్లౌడ్ కెమెరా, తీసిన వీడియోను నెట్ ద్వారా బయటి సర్వర్‌కు పంపే నిఘా కెమెరా. నాలుగు కెమెరాలు, ఒక్కొక్కటి ఆగకుండా 2 ఎంబీపీఎస్ చొప్పున వీడియో పంపుతున్నాయనుకోండి. ఒక్కోదానికి రోజుకు 21.6 జీబీ, నాలుగింటికీ 86. చాలా ప్లాన్లలో అప్‌లోడ్ కూడా లెక్కలోకి వస్తుంది. దీనికి టీవీలో నాలుగు గంటల హెచ్‌డీకి 12, ఫోన్లు, ల్యాప్‌టాప్‌లకు 20 కలిపితే రోజుకు 118 జీబీ. 28వ రోజుకు 3,300 దాటిపోతుంది. ఆ ఇంట్లో ఎవరూ సినిమాలు డౌన్‌లోడ్ చేసుకుంటూ కూర్చోలేదు.

అసలు ఇబ్బంది ఆ తర్వాత మొదలవుతుంది. కెమెరాలకే 8 ఎంబీపీఎస్ కావాలి, అప్‌లోడ్‌కు మిగిలింది 1. ఆ ఒక్కటీ అవే మింగేస్తాయి. వాట్సాప్ కాల్ కూడా తెగిపోతుంది. ‘1 ఎంబీపీఎస్‌తో బ్రౌజింగ్ చేసుకోవచ్చు కదా’ అనే జవాబు అక్కడ చెల్లదు.

స్పీడ్ తగ్గిందంటే ప్రతిసారీ కారణం ఎఫ్‌యూపీ కాదు. రౌటర్‌కు కేబుల్‌తో ల్యాప్‌టాప్ కలిపి తెల్లవారుజామున ఒకసారి, రాత్రి తొమ్మిదికి ఒకసారి టెస్ట్ చేయాలి. రాత్రి మాత్రమే తగ్గితే అది లైన్ మీద రద్దీ. రెండుసార్లూ గీత గీసినట్టు 1 దగ్గరే నిలిస్తే కోత పడిందన్నమాట. కంపెనీ యాప్‌లో వాడకం మీటర్ చూస్తే తేలిపోతుంది. బిల్లింగ్ తేదీ మారగానే స్పీడ్ దానంతటదే తిరిగొస్తుంది. అదనపు డేటా కొనమంటారు గానీ, కెమెరాలను కదలిక ఉన్నప్పుడే రికార్డు చేసేలా పెడితే చాలా ఇళ్లలో దాని అవసరం రాదు.

ఫిర్యాదు రాసేవారు మాత్రం ‘స్పీడ్ రావట్లేదు’ అని వదిలేయకుండా ఒక ప్రశ్న అడగాలి: 50, 90 శాతం దగ్గర నాకు మెసేజ్ ఏ తేదీన పంపారు?