కూతురి పెళ్ళికి ఎమర్జెన్సీ పెరోల్: అపోహలు - వాస్తవాలు

షోలాపూర్‌లో క్రిమినల్ కేసులు చూసే న్యాయవాదిగా నా దగ్గరికి వచ్చేవారిలో సగం మంది తెలుగువారే. మగ్గాల మీదా, బీడీల మీదా బతికే పద్మశాలి కుటుంబాలే అందులో ఎక్కువ. ఇక్కడ శిక్ష పడినవారిని తరచుగా పుణెలోని యెరవాడ సెంట్రల్ జైలుకు పంపుతారు. ప్రతి పెళ్ళిళ్ళ సీజన్‌లోనూ ఒకరిద్దరు తల్లులు శుభలేఖ చేతిలో పట్టుకుని వచ్చి, ముహూర్తానికి వారం కూడా లేని సమయంలో, "ఆయన్ని ఒక్క రోజు తీసుకురాగలరా సార్" అని అడుగుతారు. వారిని అక్కడిదాకా తెచ్చింది నిర్లక్ష్యం కాదు, ఎవరో చెప్పిన ఒక తప్పుడు మాట. ఆ మాట గురించే ప్రధానంగా రాస్తున్నాను. నేను చెప్పే నియమాలు మహారాష్ట్రవి. జైళ్ళు రాష్ట్రాల పరిధిలోని అంశం కాబట్టి తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ నియమాలు, రోజుల లెక్క, అనుమతించే అధికారి వేరుగా ఉంటారు. ఇక్కడి దరఖాస్తును అక్కడ నకలు చేయకండి.

అపోహ: ఎమర్జెన్సీ పెరోల్ కాబట్టి పెళ్ళి దగ్గర పడ్డాకే వేయాలి, ముందే వేస్తే తిరస్కరిస్తారు.

ఇది పూర్తిగా తప్పు, అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది కూడా ఇదే. ఫర్లో అంటే ప్రత్యేక కారణం చూపకుండానే ఖైదీకి దొరికే సెలవు, పెరోల్ అంటే ఫలానా అవసరానికి ఇచ్చేది. 1959 నాటి మహారాష్ట్ర ఫర్లో, పెరోల్ నియమాలను 2018లో సవరించినప్పుడు రెండు రకాల సందర్భాలను ఎమర్జెన్సీ పెరోల్ కింద చేర్చారు: దగ్గరి బంధువు మరణం ఒకటి, కొడుకు, కూతురు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళ పెళ్ళి మరొకటి. రెండింటికీ గరిష్ఠంగా 14 రోజులు ఇస్తారు, పొడిగింపు ఉండదు. అయితే మరణమైతే జైలు సూపరింటెండెంట్ స్థాయిలోనే నిర్ణయం జరుగుతుంది, పెళ్ళి అయితే ఆ ప్రాంతపు జైళ్ళ డి.ఐ.జి. అనుమతి కావాలి. యెరవాడ ఖైదీకైతే అది పుణెలో ఉన్న పశ్చిమ ప్రాంత డి.ఐ.జి. కార్యాలయం. ఈ తేడాలోనే అసలు విషయం ఉంది. చావు చెప్పి రాదు కనుక అక్కడికక్కడ తేల్చేస్తారు. పెళ్ళికి ముహూర్తం ముందే పెట్టుకుంటారు కనుక విచారణకు సమయం ఉంటుందని వ్యవస్థ భావిస్తుంది. ఎమర్జెన్సీ అన్న మాట సందర్భానికి పెట్టిన పేరు మాత్రమే, దరఖాస్తు ఎప్పుడు వేయాలో అది చెప్పదు.

దరఖాస్తు ఏ దారిన వెళుతుందో చూస్తే సమయం ఎక్కడ పోతుందో అర్థమవుతుంది. ఖైదీ స్వయంగా సంతకం చేసిన అర్జీని సూపరింటెండెంట్‌కు ఇస్తాడు. జైలు కార్యాలయం అతని శిక్ష వివరాలను, ప్రవర్తనను, ఇంతకుముందు బయటికి వెళ్ళినప్పుడు సమయానికి తిరిగి వచ్చాడా లేదా అన్న రికార్డును జత చేస్తుంది. పెళ్ళి నిజమేనా అన్నది స్థానిక పోలీస్ స్టేషన్ ద్వారా నిర్ధారించుకుంటారు. ఆ తర్వాత ఫైలు డి.ఐ.జి. దగ్గరికి వెళుతుంది. ఉత్తర్వు వచ్చాక కూడా ఖైదీ సమయానికి తిరిగి వస్తానని ముచ్చలిక, అంటే హామీపత్రం రాయాలి, బంధువు జామీను నిలవాలి. వీటిలో ఎక్కువ ఆలస్యమయ్యేది పోలీస్ విచారణ దగ్గరే.

కొన్నేళ్ళ కిందట ఒక తల్లి ముహూర్తానికి తొమ్మిది రోజుల ముందు నా దగ్గరికి వచ్చింది. ఆమె భర్త ఒక హత్య కేసులో దోషిగా యావజ్జీవ శిక్ష అనుభవించడం మొదలై అప్పటికి ఆరేళ్ళయింది. అదే రోజు జైలుకు అర్జీ పంపించాము. కానీ కేసు కాగితాలన్నిటిలోనూ అరెస్టు నాటి అద్దె ఇంటి చిరునామాయే ఉంది, కుటుంబం ఆ ఇల్లు ఖాళీ చేసి నాలుగేళ్ళయింది. కానిస్టేబుల్ పాత ఇంటికి వెళ్ళి, తాళం చూసి, "ఈ చిరునామాలో కుటుంబం లేదు, పెళ్ళి జరుగుతున్నట్లు నిర్ధారణ కాలేదు" అని నివేదిక రాశాడు. దాని ఆధారంగా తిరస్కరణ వచ్చింది. హైకోర్టులో రిట్ పిటిషన్ వేశాము, అది విచారణకు వచ్చిన ఉదయమే ఇక్కడ పెదనాన్న పీటల మీద కూర్చుని కన్యాదానం చేస్తున్నాడు. చిరునామా మారిందని అర్జీలో రాయించకపోవడం నా తప్పు కూడా, ఆ తర్వాత నేను మొదట అడిగే ప్రశ్న అదే అయింది.

రెండేళ్ళకు అదే ఇంట్లో రెండో అమ్మాయి పెళ్ళి కుదిరింది. ఈసారి లగ్నపత్రిక రాసుకున్న వారంలోపే, అంటే ముహూర్తానికి సుమారు నలభై రోజుల ముందే అర్జీ వేశాము. అందులో ప్రస్తుత చిరునామాను, అది ఏ పోలీస్ స్టేషన్ పరిధిలోకి వస్తుందో స్పష్టంగా రాశాము. పెళ్ళి జరిగే చోటును వేరుగా రాసి, మంగళ కార్యాలయం, అంటే కల్యాణ మండపం బుకింగ్ రసీదు పెట్టాము. శుభలేఖతో పాటు వరుడి తండ్రి సంతకం చేసిన ఉత్తరం, ఫోన్ నంబరు జత చేశాము. అమ్మాయి స్కూలు సర్టిఫికెట్‌లో తండ్రి పేరు ఉంది, కానీ మన ఇంటిపేర్లను మరాఠీలో రాసేటప్పుడు ఒక్కో కాగితంలో ఒక్కోలా రాస్తారు కాబట్టి, తీర్పులో ఉన్న పేరూ సర్టిఫికెట్‌లో ఉన్న పేరూ ఒకే మనిషివని అఫిడవిట్ కూడా ఇచ్చాము. జామీను నిలిచే మేనమామ కాగితాలు ముందే సిద్ధం చేసుకున్నాము. విచారణకు వచ్చిన పోలీసులకు ఇంట్లో తల్లి, ఇద్దరు పొరుగువారు అందుబాటులో ఉన్నారు. ముహూర్తానికి పదిహేను రోజుల ముందు ఉత్తర్వు చేతికి వచ్చింది.

ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు కావాలో కూడా అర్జీలోనే రాయాలి. ఆ కుటుంబం పదహారు రోజుల పండుగ దాకా ఉండాలని కోరుకుంది. నేను ఒప్పుకోలేదు, ఎందుకంటే ఉన్నవి 14 రోజులే, పొడిగింపు లేదు, ముహూర్తం నాడే బయటికి వచ్చినా పండుగ దాకా సరిపోవు. ముహూర్తానికి తొమ్మిది రోజుల ముందు విడుదల, ముహూర్తం తర్వాత నాలుగో రోజున తిరుగు ప్రయాణం అని లెక్క వేశాము. విడుదలలో రెండు రోజులు ఆలస్యమైనా కన్యాదానం తప్పకూడదన్నదే ఆ లెక్కలోని ఉద్దేశం. నిజంగానే జామీను కాగితాల దగ్గర ఒక రోజు ఆలస్యమైంది.

అపోహ: పోలీసులు బేడీలతో మండపానికి తెస్తారు, పరువు పోతుంది.

ఈ భయంతోనే కొన్ని కుటుంబాలు అసలు అర్జీయే వేయవు. వరుడి వైపువారు ఏమంటారోనన్న ఆ తల్లుల ఆందోళన నాకు అర్థమవుతుంది. నియమం ప్రకారం, నేర తీవ్రతనూ జైల్లోని ప్రవర్తననూ చూసి, పోలీస్ ఎస్కార్ట్‌తో పంపాలా, లేక రోజూ స్థానిక స్టేషన్‌లో హాజరు కావాలన్న షరతుతో పంపాలా అన్నది అనుమతించే అధికారి నిర్ణయిస్తారు. పైన చెప్పిన తండ్రికి రెండోదే వచ్చింది. పెళ్ళి రోజు ఉదయం కూడా స్టేషన్‌కు వెళ్ళి సంతకం పెట్టి వచ్చి పీటల మీద కూర్చున్నాడు. ఎస్కార్ట్ పడితే దాని ఖర్చు ఖైదీయే, ప్రయాణం మొదలుకాకముందే కట్టాలి. ఇది పేద కుటుంబాలను నిజంగా దెబ్బతీసే విషయం. అందుకే మంచి ప్రవర్తన రికార్డు ఉన్నవారు, రోజూ హాజరవుతామని, ఎస్కార్ట్ ఖర్చు భరించే స్థోమత లేదని అర్జీలోనే కారణాలతో రాయాలి. ఉత్తర్వు వచ్చాక కంగారుపడి లాభం లేదు. ఇక బేడీల విషయానికి వస్తే, 1980లో ప్రేమ్ శంకర్ శుక్లా కేసులోనే, అలవాటుగా ఖైదీకి బేడీలు వేయడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు చెప్పింది. ఎస్కార్ట్ పోలీసులు మామూలు దుస్తుల్లో రావాలని కూడా కోరవచ్చు, ఆ కోరిక మన్నించిన సందర్భాలు నేను చూశాను.

అపోహ: అన్న కూతురు కూడా కూతురే కదా, "నా కుమార్తె" అని రాస్తే సరిపోతుంది.

మన వరుసల్లో అన్న కూతురూ తమ్ముడి కూతురూ కూతుళ్ళే, పిలిచేదీ అలాగే. నియమంలో ఉన్నది మాత్రం ఖైదీ సొంత కూతురు. ఎవరో సలహా ఇచ్చారని అలా రాసిన ఒకాయన విచారణలో అబద్ధం చెప్పినవాడిగా తేలాడు, ఆ మాట అతని జైలు రికార్డులో చేరి తర్వాతి ఫర్లోకు కూడా అడ్డొచ్చింది. అన్న చనిపోతే ఆ పిల్లను పెంచింది నిజంగా అతనే. ఆ సంగతి ఉన్నదున్నట్టు రాసి, అధికారులు కాదంటే హైకోర్టును అడిగి ఉంటే కనీసం వినేవారు. 2024 జూలైలో బొంబాయి హైకోర్టు, చదువుకు ఆస్ట్రేలియా వెళుతున్న కొడుకును సాగనంపడానికి ఒక ఖైదీకి పది రోజుల పెరోల్ ఇస్తూ, దుఃఖం పంచుకోవడానికి పెరోల్ ఇచ్చినప్పుడు సంతోషానికి ఎందుకు ఇవ్వకూడదని అడిగింది. నిజం చెప్పినవారికే ఇలాంటి తీర్పులు పనికివస్తాయి.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. శిక్ష వేసిన సెషన్స్ కోర్టు పెరోల్ ఇవ్వదు, అక్కడ పిటిషన్ వేయిస్తామని డబ్బు తీసుకునేవారిని నమ్మవద్దు. విచారణ ఖైదీకి పెరోల్ అన్నదే ఉండదు, అతను కోర్టును తాత్కాలిక బెయిల్ అడగాలి. అప్పీలు పెండింగ్‌లో ఉన్నవారు, అప్పీలు ఉన్న కోర్టులోనే కొద్ది రోజులకు శిక్ష నిలుపుదల కోరే దారి కూడా ఉంది. అర్జీ రాయడానికి న్యాయవాది తప్పనిసరి కాదు, జైల్లోనే న్యాయ సేవాధికార సంస్థ తరఫున వచ్చేవారు ఉచితంగా రాసిపెడతారు. విదేశీయులకూ, మరణశిక్ష పడినవారికీ ఈ సదుపాయం వర్తించదు.

పెరోల్‌లో గడిపిన రోజులు శిక్షలో కలుస్తాయన్నది కూడా అపోహే. ఇక్కడి నియమాల్లో ఫర్లో రోజులు శిక్షలో తగ్గుతాయి, పెరోల్ రోజులు తగ్గవు. 14 రోజులు బయట ఉంటే విడుదల అన్ని రోజులు ఆలస్యమవుతుంది. ఆ తండ్రికి ఈ విషయం ముందే చెప్పాను. "ఆ పద్నాలుగు రోజులు తర్వాత ఉంటాను సార్, ఇప్పుడు పంపండి" అన్నాడు. గడువు తేదీ మధ్యాహ్నానికే మేనమామతో కలిసి జైలు గేటు దగ్గరికి వెళ్ళి లొంగిపోయాడు. పదహారు రోజుల పండుగ ఫొటోలను ఆయన భార్య తర్వాతి ములాఖత్‌కు పట్టుకెళ్ళింది.