పీసీఏనా, ఫ్యాక్టర్ అనాలిసిసా? తేడా వికర్ణంలో ఉంది

పరీక్షల భయాన్ని కొలిచేందుకు నాలుగు ప్రశ్నలు తయారుచేశామనుకుందాం: పరీక్షకు ముందు నిద్ర పట్టదా, గుండె దడదడలాడుతుందా, చదివింది మరిచిపోతారా, హాల్లో చేతులు వణుకుతాయా. ఏ రెండు ప్రశ్నల జవాబులు తీసుకున్నా వాటి మధ్య సహసంబంధం 0.36 వచ్చిందనుకుందాం. నిజమైన డేటా ఇంత చక్కగా ఉండదు. కానీ లెక్క చేతితో చేసి చూసుకోవడానికి ఇది బాగుంటుంది.

ఈ నాలుగింటినీ ఒక్క సంఖ్యకు కుదించాలి. ప్రిన్సిపల్ కాంపొనెంట్ అనాలిసిస్ (పీసీఏ) చేస్తే మొదటి ఐగెన్ విలువ 1 + 3 × 0.36, అంటే 2.08. మొత్తం వేరియన్స్ 4లో అది 52 శాతం. ఒక్కో ప్రశ్న లోడింగ్, అంటే ఆ కాంపొనెంట్‌తో దానికున్న సహసంబంధం, 0.52కు వర్గమూలం, సుమారు 0.72. ఇదే సహసంబంధాల పట్టిక మీద ఫ్యాక్టర్ అనాలిసిస్ చేస్తే లోడింగ్ 0.60, వివరించిన వేరియన్స్ 36 శాతం. డేటా ఒక్కటే, జవాబులు రెండు.

```r
R <- matrix(0.36, 4, 4); diag(R) <- 1
eigen(R)$values
factanal(covmat = R, factors = 1)
```

తేడా ఎక్కడ పుట్టిందో తెలియాలంటే సహసంబంధాల పట్టికలో వికర్ణం చూడాలి. పీసీఏ అక్కడ 1 ఉంచుతుంది. అంటే ప్రతి ప్రశ్నలోని వేరియన్స్ అంతా పంచుకోవలసిన సొమ్మే అనుకుంటుంది. ఫ్యాక్టర్ అనాలిసిస్ అలా అనుకోదు. నిద్ర పట్టకపోవడానికి పరీక్ష భయమే కాక వేరే కారణాలూ ఉంటాయి, జవాబు రాసేటప్పుడు పొరపాట్లూ ఉంటాయి. అది ఆ ప్రశ్న సొంత వాటా. దాన్ని పక్కనపెట్టి, ప్రశ్నలన్నీ కలిసి పంచుకున్న భాగాన్నే ఫ్యాక్టర్‌కు కడుతుంది. ఇక్కడ ఆ ఉమ్మడి భాగం 0.36, సొంత వాటా 0.64.

ఎవరి లెక్క సరైనదో తేల్చే చిన్న పరీక్ష ఒకటుంది. రెండు ప్రశ్నల లోడింగ్‌లను గుణిస్తే వాటి మధ్య సహసంబంధం తిరిగి రావాలి. 0.6 × 0.6 = 0.36, సరిగ్గా సరిపోయింది. పీసీఏ లోడింగ్‌లను గుణిస్తే 0.52 వస్తుంది, అసలు దానికన్నా చాలా ఎక్కువ. పీసీఏ తప్పు చేసిందని కాదు. సహసంబంధాలను వివరించడం దాని పనే కాదు. వీలైనంత ఎక్కువ వేరియన్స్‌ను తక్కువ సంఖ్యల్లోకి ఇమడ్చడమే దాని పని.

కాబట్టి ఎంచుకునే ముందు వేసుకోవలసిన ప్రశ్న ఒకటే: కొలతల వెనక వాటన్నిటినీ కదిలిస్తున్న, కంటికి కనబడనిది ఏదో ఉందని మీ వాదనా? భయం, తెలివి, వైఖరి లాంటివాటి మీద ప్రశ్నావళి తయారుచేస్తుంటే ఫ్యాక్టర్ అనాలిసిస్ చేయండి. అలాంటి వాదనేమీ లేకుండా, ఒకదానికొకటి అల్లుకుపోయిన ముప్పై సెన్సర్ కొలతలను రిగ్రెషన్‌లో పెట్టేముందు నాలుగైదుకు తగ్గించుకోవాలంటే పీసీఏ చాలు. పైగా అక్కడ అదే మేలు. కాంపొనెంట్ స్కోరు కొలతల నుంచి నేరుగా కట్టిన మొత్తం కనుక ఖచ్చితంగా వస్తుంది. ఫ్యాక్టర్ స్కోరు మాత్రం అంచనాయే. ఒకే మోడల్‌కు సరిపోయే స్కోర్లు ఒకటికన్నా ఎక్కువ రకాలుగా కట్టవచ్చు.

చలరాశులు పెరిగేకొద్దీ ఈ గొడవ చల్లారుతుంది. అదే 0.36తో నలభై ప్రశ్నలుంటే పీసీఏ లోడింగ్ 0.61కి దిగుతుంది. వికర్ణంలో నలభై అంకెలే, దాని బయట 1,560 ఉన్నాయి మరి. "రెండూ ఒకటే" అనే మాట ఇలాంటి డేటా చూసినవాళ్ల నుంచే వస్తుంది. ప్రశ్నలు తక్కువగా, సహసంబంధాలు బలహీనంగా ఉన్నచోట ఆ మాట నమ్మితే లోడింగ్‌లు ఉన్నదానికన్నా గొప్పగా కనిపిస్తాయి. బలహీనమైన ప్రశ్న కూడా గట్టెక్కేస్తుంది.

ఈ పొరపాటుకు సాఫ్ట్‌వేర్ కూడా దారితీస్తుంది. ఎస్‌పీఎస్‌ఎస్‌లో ఫ్యాక్టర్ మెనూ తెరిచి ఏమీ మార్చకుండా నొక్కితే జరిగేది పీసీఏ! "ఫ్యాక్టర్ అనాలిసిస్ చేశాం" అని రాసి పీసీఏ ఫలితాలు చూపే పత్రాలు అలాగే తయారవుతాయి. అక్కడ Extraction కింద Principal axis factoring లేదా Maximum likelihood ఎంచుకోవాలి. ఎన్ని ఫ్యాక్టర్లు ఉంచాలన్నదానికి ఐగెన్ విలువ 1 దాటాలన్న అలవాటు నియమాన్ని కూడా నమ్మకూడదు. ఏ సంబంధమూ లేని యాదృచ్ఛిక అంకెల్లోనూ కొన్ని ఐగెన్ విలువలు 1 దాటుతాయి. అదే పరిమాణంలో యాదృచ్ఛిక డేటా సృష్టించి పోల్చే ప్యారలల్ అనాలిసిస్ మెరుగు.

ఒక్కో పద్ధతికి తనదైన గుంట కూడా ఉంది. ఆర్‌లోని `prcomp` చలరాశులను తనంతట ప్రామాణీకరించదు. `scale. = TRUE` ఇవ్వకపోతే, మిల్లీమీటర్లలో ఉన్న కొలత కిలోమీటర్లలో ఉన్నదాన్ని మింగేసి మొదటి కాంపొనెంట్ తానే అయి కూర్చుంటుంది. ఫ్యాక్టర్ అనాలిసిస్‌లో, ఒక ఫ్యాక్టర్‌కు రెండే ప్రశ్నలున్నా, నమూనా చిన్నదైనా, ఏదో ఒక ప్రశ్న సొంత వాటా సున్నాకు లేదా రుణ సంఖ్యకు పడిపోవచ్చు. దీన్ని హేవుడ్ కేసు అంటారు. `factanal` 0.005 కన్నా కిందికి వెళ్లనివ్వదు కనుక, Uniquenesses వరుసలో సరిగ్గా 0.005 కనిపిస్తే అనుమానించాలి. అప్పుడు ఒక ఫ్యాక్టర్ తగ్గించి చూడాలి, లేదా ఆ ఫ్యాక్టర్‌కు మరిన్ని ప్రశ్నలు రాసి మళ్లీ డేటా సేకరించాలి.