ఫోన్‌తో నెట్, ఫోన్‌తోనే కెమెరా: అపోహలు – వాస్తవాలు

ఇళ్లలో నెట్‌వర్క్ సమస్యలు సరిచేసే పనిలో ఉన్న నాకు, బ్రాడ్‌బ్యాండ్ ఆగిపోయి ఫోన్ నెట్‌తోనే ల్యాప్‌టాప్ నడపాల్సిన రోజున వచ్చే ఫోన్లలో ఎక్కువగా వినిపించే అపోహలివి.

అపోహ: వీడియో క్లాసే డేటా మొత్తాన్ని తినేస్తుంది.

వాస్తవం: సెకనుకు 1 మెగాబిట్ చొప్పున గంటసేపు నడిచే వీడియోకు 450 ఎంబీ అవుతుంది. మన వీడియో వెళ్లడానికి, అవతలివారిది రావడానికి కలిపి లెక్కిస్తే గంటకు 900 ఎంబీ. రోజుకు 2 జీబీ ప్లాన్ ఉన్న ఒక ఉపాధ్యాయురాలు, క్లాసు మొదలుపెట్టిన 50 నిమిషాలకే డేటా అయిపోయిందని చెప్పారు. ఈ లెక్కన క్లాసుకు 750 ఎంబీ మించకూడదు. మిగిలిన 1250 ఎంబీ ఎటు పోయిందని ల్యాప్‌టాప్‌లో Data usage పేజీ తెరిచి చూస్తే, వెనకాల ఫొటోల బ్యాకప్ నడుస్తోంది. హాట్‌స్పాట్‌ను ల్యాప్‌టాప్ ఇంటి వైఫైలాగే భావించి, దాచుకున్న పనులన్నీ అప్పుడే మొదలుపెడుతుంది. విండోస్‌లో ఆ కనెక్షన్ వివరాల్లోకి వెళ్లి Metered connection ఆన్ చేస్తే అప్‌డేట్లు చాలావరకు ఆగుతాయి. బ్యాకప్‌ను మాత్రం ఆ యాప్‌లోనే ఆపేయడం మంచిది. ఫోన్ నెట్‌ను కేబుల్ ద్వారా ల్యాప్‌టాప్‌కు ఇచ్చే యూఎస్‌బీ టెథరింగ్‌ను విండోస్ వేరే ఈథర్నెట్ కనెక్షన్‌గా చూస్తుంది కనుక, వైఫైకి పెట్టిన సెట్టింగ్ దానికి వర్తించదు, మళ్లీ పెట్టాలి.

అపోహ: కేబుల్ పెడితే వేగం తప్పక పెరుగుతుంది.

వాస్తవం: కేబుల్ వల్ల ఫోన్‌కూ ల్యాప్‌టాప్‌కూ మధ్య దారి మాత్రమే మెరుగవుతుంది, పైగా ఛార్జింగ్ కూడా అవుతుంది. ఫోన్‌కూ టవర్‌కూ మధ్య సిగ్నల్ బలహీనంగా ఉంటే కేబుల్ చేయగలిగిందేమీ లేదు. ఫోన్ సెట్టింగ్స్‌లో SIM status కింద సిగ్నల్ బలం dBm లో కనిపిస్తుంది. లోపలి గదిలో -115 చూపించిన ఫోన్ కిటికీ దగ్గర -95 చూపిస్తే, అంటే అక్కడ సిగ్నల్ బలంగా ఉంటే, కేబుల్ తీసేసి ఫోన్‌ను కిటికీ దగ్గరే ఉంచి హాట్‌స్పాట్ వాడటమే మేలు. కేబుల్ పెట్టినా టెథరింగ్ ఆప్షన్ వెలగకపోతే, అది ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుల్ అయి ఉండవచ్చు.

అపోహ: ఒకే ఫోన్, ఒకే కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు నెట్టూ కెమెరా రెండూ నడిపించవచ్చు.

వాస్తవం: ఆండ్రాయిడ్ 14 నుంచి పిక్సెల్ వంటి కొన్ని ఫోన్లలో యూఎస్‌బీ ఆప్షన్లలోనే Webcam వచ్చింది. అయితే ఆ జాబితాలో USB tethering, Webcam పక్కపక్కనే ఉన్నా, ఎంచుకోగలిగేది ఒక్కటే. కెమెరాను కేబుల్ మీద నడిపి నెట్‌ను వైఫై హాట్‌స్పాట్‌తో ఇవ్వవచ్చు కానీ ఫోన్ బాగా వేడెక్కుతుంది. ఐఫోన్‌ను మ్యాక్‌కు వైర్లెస్ కెమెరాగా వాడాలంటే, అది అప్పుడు హాట్‌స్పాట్‌గా ఉండకూడదు. ఇంట్లో పాత ఫోన్ ఉంటే కెమెరా పని దానికి అప్పగించి, సిమ్ ఉన్న ఫోన్‌ను నెట్‌కే వదిలేయమని నేను చెబుతుంటాను. ల్యాప్‌టాప్ సొంత కెమెరా ఓ మాదిరిగా పనిచేస్తున్నా, ఈ తంటా అవసరం లేదు.