స్కామ్ సెంటర్ నుంచి తిరిగొచ్చిన కుర్రాడు బాధితుడా, నిందితుడా? అపోహలు – వాస్తవాలు

కంప్యూటర్ ఉద్యోగాలని చెప్పి కుర్రాళ్లను కాంబోడియా పంపిన ఏజెంట్లను 2024 మే నెలలో విశాఖ నగర పోలీసులు అరెస్టు చేశారు. ఆ తర్వాత అక్కడి ఆన్‌లైన్ మోసాల కేంద్రాల్లో, అంటే స్కామ్ సెంటర్లలో చిక్కుకున్నవాళ్లు ఒక్కొక్కరుగా ఇక్కడి ఎయిర్‌పోర్టులో దిగడం మొదలైంది. అప్పటినుంచి టీ కొట్ల దగ్గర రెండు మాటలు వినబడుతున్నాయి. ‘పాపం, ఎలా మోసపోయారో’ అనేది ఒకటి, ‘వీళ్లే కదా జనాల డబ్బు కొట్టేసింది’ అనేది రెండోది. పోలీసు ఫైళ్లలోనూ ఈ రెండూ పక్కపక్కనే నడుస్తుంటాయి. మనుషుల అక్రమ రవాణా అనగానే మనకు రైల్వే స్టేషన్, లాడ్జీ, చిన్నపిల్లలు గుర్తొస్తారు. డిగ్రీ చదివిన మగవాడు గుర్తుకు రాడు. సగం తప్పులు అక్కడే మొదలవుతాయి.

చెప్పేది తేలిగ్గా అర్థం కావడానికి ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇది ఏ ఒక్కరిదీ కాదు, ఇలాంటి కేసుల్లో మామూలుగా కనబడే అంశాలను కలిపి కట్టింది. గాజువాక కుర్రాడు, వయసు 24, బీఎస్సీ. డేటా ఎంట్రీ పని, నెలకు 800 డాలర్లు అన్నాడు ఏజెంటు. టైపింగ్ పరీక్ష పెట్టి, లక్షన్నర తీసుకుని, టూరిస్టు వీసా మీద బ్యాంకాక్ మీదుగా కాంబోడియా పంపాడు. దిగిన రోజే అక్కడివాళ్లు పాస్‌పోర్టు తీసుకున్నారు. ఎత్తు గోడల కాంపౌండులో కూర్చోబెట్టి, అమ్మాయి ఫొటోతో నకిలీ ప్రొఫైల్ ఇచ్చి, మనవాళ్లతోనే చాటింగ్ చేయించి డబ్బు లాగించారు. ఏడు నెలల తర్వాత రాయబార కార్యాలయం సాయంతో ఇంటికి చేరాడు. మరో రెండు నెలలకు వేరే జిల్లా సైబర్ పోలీసుల నుంచి నోటీసు వచ్చింది.

అపోహ: తనంతట తానే డబ్బు కట్టి వెళ్లినవాడు అక్రమ రవాణా బాధితుడు కాడు.

భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ మూడు విషయాలు చూస్తుంది. మనిషిని కుదుర్చుకోవడం, తరలించడం, దాచిపెట్టడం, అప్పగించడం, తీసుకోవడం వంటి పని ఏదైనా జరిగిందా? దానికి బెదిరింపో, బలప్రయోగమో, మోసమో, ఆశ చూపడమో వాడారా? అదంతా దోపిడీ కోసమేనా? ఈ మూడూ ఉంటే నేరం పూర్తయినట్టే. బాధితుడు ఒప్పుకున్నాడా లేదా అన్నది లెక్కలోకి రాదని ఆ సెక్షన్ వివరణే చెబుతోంది. 2024 జులై 1కి ముందు జరిగిన నేరమైతే పాత ఐపీసీ 370 కింద పెట్టాలి. అందులోనూ ఇదే మాట ఉంది.

గాజువాక కుర్రాడు ఒప్పుకున్నది డేటా ఎంట్రీకి. మోసంతో తెచ్చుకున్న ఒప్పుదల అది. కేసు పెట్టేటప్పుడు చాలాచోట్ల దీన్ని ‘ఉద్యోగం ఇప్పిస్తానని లక్షన్నర ఎగ్గొట్టాడు’ అని ఉత్త చీటింగ్‌గా రాసేస్తారు. అలా రాస్తే కుర్రాడు డబ్బు పోయినవాడుగానే మిగులుతాడు. బందీగా ఉన్న ఏడు నెలలు కాగితం మీదికే రావు. రేపు అతని మీద కేసు వచ్చినప్పుడు చూపించుకోవడానికి ఆధారమూ ఉండదు.

అపోహ: జీతం ఇచ్చారు, ఫోన్ ఇచ్చారు, అలాంటప్పుడు బందీ ఎలా అవుతాడు?

గొలుసులు వెతికితే దొరకవు, లెక్కల పుస్తకం చూడాలి. మన కుర్రాడికి 800 అన్నారు, 600 రాశారు. టార్గెట్ తప్పితే కోత, సీటుకు ఆలస్యంగా వస్తే కోత, పనివేళలో బాత్రూమ్‌లో ఎక్కువసేపు ఉంటే కోత. గదికీ తిండికీ వేరే లెక్క. చేతికొచ్చింది 150. వెళ్లిపోతానంటే 2,500 డాలర్లు కట్టమన్నారు, అంటే మన డబ్బులో రెండు లక్షల పైమాటే. ఇంత తేవడానికి ఇంట్లోవాళ్లు పుస్తెలు తాకట్టు పెట్టాలి. అది అప్పుతో కట్టేయడమే.

బలవంతపు చాకిరీని గుర్తించడానికి అంతర్జాతీయ కార్మిక సంస్థ 11 సూచికలు చెప్పింది. గుర్తింపు పత్రాలు లాక్కోవడం, జీతం తొక్కిపెట్టడం, అప్పు, కదలికల మీద ఆంక్షలు, మితిమీరిన పనిగంటలు వంటివి వాటిలో ఉన్నాయి. అన్నీ ఉండనక్కర్లేదు. మన సుప్రీంకోర్టు కూడా 1982లో, ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో, బలవంతం అంటే దెబ్బలే కాదని, మరో దారి లేని ఆర్థిక ఒత్తిడి కూడా బలవంతమేనని చెప్పింది.

ఫోన్ సంగతి కూడా చెప్పాలి. ఇంటికి వీడియో కాల్ చేసి నవ్వుతూ మాట్లాడాడంటే పక్కన ఎవరూ లేరని కాదు.

అపోహ: బెదిరించి చేయించారని తేలితే చట్టం వదిలేస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే నమ్మకం ఇదే. బాధితుల కుటుంబాలు దీన్ని నమ్మి, వకీలు లేకుండానే పిల్లాడిని స్టేషన్‌కి తీసుకెళ్లి ‘అంతా చెప్పెయ్యరా’ అంటాయి.

బెదిరింపు కింద చేసిన పనికి మినహాయింపు న్యాయ సంహిత 32వ సెక్షన్‌లో ఉంది. కానీ ఆ తలుపు చాలా ఇరుకు. ఆ పని చేసే క్షణంలో, చేయకపోతే అక్కడికక్కడే ప్రాణం పోతుందన్న సహేతుకమైన భయం ఉండాలి. పాస్‌పోర్టు లేకపోవడం, కరెంటు షాకు, వేరే ముఠాకి అమ్మేస్తామన్న బెదిరింపు, ఇవన్నీ మనిషిని వంచేవే. తక్షణ మరణ భయం అన్న మాటలో మాత్రం ఇవి తేలిగ్గా ఇమడవు. అక్రమ రవాణాలో ఉండగా బలవంతంగా చేసిన నేరాలకు బాధితుణ్ణి శిక్షించకూడదన్న సూత్రం ఐక్యరాజ్యసమితి మార్గదర్శకాల్లో ఉంది. మన న్యాయ సంహితలో ఆ మాట సూటిగా చెప్పే సెక్షన్ లేదు.

మిగిలింది ఉద్దేశం మీద వాదన. చీటింగ్‌కి వంచించాలన్న దురుద్దేశం ఉండాలి, ఆ పని చేయించిన మనసు వేరొకరిది అని వాదించవచ్చు. బలమైన వాదనే, కానీ తేలేది విచారణలో. ఈలోగా 318(4) కింద ఏడేళ్ల దాకా శిక్ష పడే కేసు, పైన ఐటీ చట్టం 66డి, రిమాండు, బెయిలు ఖర్చు, ఆగిపోయిన పాస్‌పోర్టు.

అసలు అతను నిందితుడుగా ఎలా మారతాడో చూడండి. డబ్బు పోగొట్టుకున్న వ్యక్తి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తాడు. ఫిర్యాదు సైబర్ విభాగానికి వెళుతుంది. వాళ్లు నంబరు, ఖాతా పట్టుకుని వెనక్కి వస్తారు. కాంపౌండు యజమాని పేరు ఎక్కడా ఉండదు. మన కుర్రాడు వెళ్లేటప్పుడు ఏజెంటు మాట మీద తీసుకెళ్లిన రెండు సిమ్‌లు మాత్రం అతని ఆధార్ మీదే ఉంటాయి. సాంకేతిక ఆధారం వెళ్లి ఆగేది అందరికంటే కింద ఉన్న మనిషి దగ్గరే. అతను బాధితుడని రాసిన ఫైలు మరో జిల్లాలో, మరో విభాగంలో ఉంటుంది. రెండు ఫైళ్లూ కలవవు. ఇది ఏ అధికారి దుర్మార్గమూ కాదు, కేసు ఏ తలుపులోంచి లోపలికొచ్చిందన్నదే తేడా.

అందుకే నోటీసు రాగానే ఏజెంటు మీద ఇక్కడ పెట్టిన ఎఫ్ఐఆర్ నకలు, మేజిస్ట్రేటు ముందు ఇచ్చిన వాంగ్మూలం వివరం, రాయబార కార్యాలయం కాగితాలు జతచేసి ఆ దర్యాప్తు అధికారికి రాతపూర్వకంగా ఇవ్వాలి. నోటి మాట కేసు డైరీలోకి ఎక్కకపోవచ్చు. వకీలు ఫీజు కట్టలేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. అక్రమ రవాణా బాధితులకు ఆదాయంతో పనిలేకుండా ఆ హక్కు ఉంది.

అపోహ: తన స్నేహితుణ్ణి కూడా పిలిపించాడంటే వాడూ ఏజెంటే.

కావచ్చు, కాకపోవచ్చు. కాంపౌండుల్లో ‘ఇద్దర్ని తెస్తే నువ్వు పోవచ్చు’ అనే బేరం మామూలే. అడగాల్సినవి మూడు. పిలిపించే నాటికి పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంది? మనిషికి ఇంత అని కమీషన్ అతని ఖాతాకో ఇంటివాళ్ల ఖాతాకో వచ్చిందా? ఇంటికొచ్చాక కూడా మనుషుల్ని పంపుతూనే ఉన్నాడా? మూడోదానికి జవాబు అవునైతే, ఒకప్పుడు బాధితుడైనా ఇప్పుడు నేరస్థుడే. తిరిగొచ్చినవాళ్లందరూ అమాయకులని వాదించేవాళ్లు నిజమైన బాధితుల కేసునే పలచన చేస్తున్నారు.

అపోహ: నిజమైన బాధితుడైతే మొదటిరోజే అంతా సూటిగా చెబుతాడు.

మొదటిరోజు చెప్పేది సాధారణంగా సగమే. తేదీలు తారుమారవుతాయి. దెబ్బలు తిన్నానని చెప్పుకోవడానికి మగపిల్లలు సిగ్గుపడతారు. ఏజెంటు తరచూ చుట్టమో, ఊరివాడో, కాలేజీ సీనియరో అవుతాడు కాబట్టి పేరు మింగేస్తారు. పది రోజుల తర్వాత చెప్పిన మాట మొదటిదానితో కలవకపోతే అబద్ధాలకోరు అని ముద్ర పడుతుంది.

ప్రశ్నల వరస మారిస్తే జవాబులు మారతాయి. ‘ఎంతమందిని మోసం చేశావు’ అని మొదలుపెడితే ఎదుటివాడు నిందితుడిలాగే మాట్లాడతాడు. ‘విమానం దిగాక నిన్ను ఎవరు తీసుకెళ్లారు, పాస్‌పోర్టు ఎవరి చేతికిచ్చావు, ఏ అంతస్తులో పడుకునేవాడివి, గేటు దాటాలంటే ఎవర్ని అడగాలి, చివరిసారి బయటికి ఎప్పుడెళ్లావు’ అని అడిగి చూడండి. ఇవి కల్పించి చెప్పడం కష్టం. అదే కాంపౌండు నుంచి వచ్చిన ఇద్దర్ని విడివిడిగా అడిగితే అంతస్తు, గేటు, కోతల లెక్క కలుస్తాయి. పనేమిటన్నది ఆ తర్వాత అడగాలి.

ఆడవాళ్ల విషయంలో ఇదే తప్పు చాలాకాలంగా జరుగుతోంది. వ్యభిచార నిరోధక చట్టం 1956లోని 8వ సెక్షన్ విటుల్ని పిలిచిందని స్త్రీ మీదే కేసు పెట్టనిస్తుంది. ఆమెను అక్కడ నిలబెట్టిందెవరన్న ప్రశ్న ఆ సెక్షన్‌లో లేదు.

అపోహ: తేడా ఉంటే ఎయిర్‌పోర్టులోనే ఆపేస్తారు.

పదో తరగతి పాసైనవాళ్ల పాస్‌పోర్టుకు వలస అనుమతి తనిఖీ ఉండదు. ఆ తనిఖీ వర్తించే దేశాల జాబితాలో కాంబోడియా కూడా లేదు. టూరిస్టు వీసాతో వెళ్లే డిగ్రీ కుర్రాణ్ణి ఆపడానికి కౌంటర్లో కారణమే కనబడదు. ఏజెంటుకు విదేశాంగ శాఖ రిజిస్ట్రేషన్ ఉందో లేదో emigrate.gov.in లో ముందే చూసుకోవాలి.

ఇక సాక్ష్యం. బయటికి వదిలేముందు కాంపౌండువాళ్లు కుర్రాళ్ల ఫోన్లు తుడిచేస్తుంటారు. కాబట్టి అసలు సాక్ష్యం గాజువాకలో ఉంటుంది, అమ్మ ఫోన్‌లోనో తమ్ముడి ఫోన్‌లోనో. ఏడుస్తూ పంపిన వాయిస్ మెసేజ్, మెట్ల మీంచి తీసిన ఫొటో, పంపిన లొకేషన్, ఏజెంటుకు కట్టిన యూపీఐ రసీదు అన్నీ అందులోనే ఉంటాయి. పిల్లాడు ఇంటికొచ్చిన సంతోషంలో ఆ ఫోన్ మార్చేసి, పాతది ఎక్స్ఛేంజిలో ఇచ్చేస్తారు. ఇవ్వకండి. చాట్ చెరపకుండా, వాట్సాప్ తీసేయకుండా ఫోన్‌ను అలాగే ఉంచి దర్యాప్తు అధికారికి అప్పగించి రసీదు తీసుకోండి. స్క్రీన్‌షాట్లు మాత్రమే ఇస్తే, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ అడిగే ధ్రువపత్రం దగ్గర చిక్కు వస్తుంది. ఒంటి మీద గాయాలుంటే వచ్చిన వారంలోపే ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించి, ఎలా తగిలాయో డాక్టరు చేత రాయించాలి. షాకు మచ్చలు త్వరగా మానిపోతాయి.