కాన్పూర్ శాఖకు హిందీ మెయిల్: కొన్ని అపోహలు, వాస్తవాలు

గుంటూరులోని ఒక మిర్చి ఎగుమతి సంస్థకు కాన్పూర్‌లో శాఖ ఉంది. ప్రధాన కార్యాలయంలో ఇంగ్లీషులో తయారయ్యే మెయిళ్లను అక్కడి సిబ్బంది కోసం హిందీలోకి మార్చే పని కొన్నేళ్లుగా నాది. ఈ పనిలో నాకు తరచుగా ఎదురయ్యే అపోహలలో మూడింటిని ఇక్కడ చెబుతాను.

అపోహ: మర్యాద కావాలంటే బరువైన సంస్కృత పదాలు వాడాలి.

మొన్నటి మెయిల్ సారాంశం ఇది: మార్చిన డిస్పాచ్ షెడ్యూల్ జతచేశాము, స్టాక్ సరిచూసుకొని శుక్రవారం సాయంత్రం 5 గంటలలోగా తెలియజేయగలరు. మా కార్యాలయంలో హిందీ పరీక్షలు పాసైన ఒకాయన దీనిని ఇలా రాశారు: "కృపయా సంలగ్న్ సంశోధిత్ ప్రేషణ్ అనుసూచీ కా అవలోకన్ కరేఁ ఏవం భండార్ కా సత్యాపన్ కర్ శుక్రవార్ సాయం 5 బజే తక్ పుష్టి ప్రదాన్ కరేఁ." వ్యాకరణంలో తప్పు లేదు. అయితే గోదాములో నిలబడి ఫోనులో మెయిల్ చదువుకునే గుమాస్తాకు ఇది ప్రభుత్వ నోటీసులా కనిపిస్తుంది; పైగా "ప్రేషణ్ అనుసూచీ" అంటే తాను రోజూ పిలిచే డిస్పాచ్ షెడ్యూలేనని గుర్తుపట్టడానికి ఒక్క క్షణం ఆగవలసి వస్తుంది.

నేను పంపినది ఇది: "డిస్పాచ్ కా నయా షెడ్యూల్ సాథ్ మేఁ భేజ్ రహే హైఁ. కృపయా స్టాక్ మిలా లీజియే ఔర్ శుక్రవార్ శామ్ 5 బజే తక్ బతా దీజియే."

ఇందులో మర్యాద ఎక్కడుందంటే "లీజియే", "దీజియే" అనే క్రియల చివర ఉంది. మనం "చెప్పు" అన్న చోట "చెప్పండి" అంటే మాట బరువెక్కదు, గౌరవం మాత్రం వస్తుంది, హిందీలోనూ అంతే. అదే వాక్యాన్ని "బతా దో" అని ముగిస్తే పదాలన్నీ సులభమైనవే అయినా శాఖ మేనేజరు నొచ్చుకుంటారు. కాబట్టి నామవాచకాలను తేలిక చేసే తొందరలో క్రియను కిందికి దించకూడదు. డిస్పాచ్, స్టాక్, ఇన్వాయిస్ వంటి మాటలను అలాగే ఉంచడంలో తప్పేమీ లేదు. కేంద్ర రాజభాషా విభాగమే 2011 సెప్టెంబరులో ఇచ్చిన సర్క్యులర్‌లో, వాడుకలో ఉన్న ఇంగ్లీషు మాటలను దేవనాగరిలో రాసుకోవచ్చని సూచించింది.

ఒప్పందపు షరతులు, క్రమశిక్షణ నోటీసులు మాత్రం వేరు. అక్కడ స్థిరపడిన చట్టపరమైన పదాలను కదపకూడదు.

అపోహ: సంస్కృత పదం తెలుగులో ఉంటే హిందీలోనూ అదే అర్థం.

నాకు ఎక్కువ పని కల్పించేది ఇదే. ఒకసారి మా మేనేజరు, కొత్త షెడ్యూలుపై శాఖవారి అభిప్రాయాలు అడగాలనుకొని "ఆప్ కీ ఆలోచనా భేజియే" అని తానే రాసి పంపారు. హిందీలో "ఆలోచనా" అంటే విమర్శ. కాన్పూర్ వారు వినయంగా, అంకెలు వేసి మరీ ఫిర్యాదులు పంపారు. (అవి చాలా వరకు న్యాయమైనవే అనుకోండి.) అక్కడ రాయవలసిన మాట "రాయ్" లేదా "సుఝావ్".

కార్యాలయ మెయిళ్లలో ఇలాంటివి మరికొన్ని వస్తుంటాయి. మన అవకాశం అక్కడ "అవకాశ్" అయితే సెలవు అవుతుంది. మన అవసరం "అవసర్" అయితే అవకాశం అవుతుంది. అవసరానికి "జరూరత్" అనాలి. మన అనుమానం అక్కడ "అనుమాన్", అంటే అంచనా. మన ఉద్యోగం అక్కడ "ఉద్యోగ్", అంటే పరిశ్రమ. తెలిసిన పదంలా కనిపించినప్పుడే నేను నిఘంటువు తెరుస్తాను. తెలియని పదానికి ఎలాగూ తెరుస్తాను కదా.

అపోహ: ఇంగ్లీషులో ఉన్నదంతా మారిస్తే చాలు, కొత్తగా చేర్చవలసింది ఉండదు.

"ట్రాన్స్‌పోర్టరుకు జాబితా పంపాను" అన్నప్పుడు పంపినది స్త్రీయా పురుషుడా అన్నది ఇంగ్లీషు వాక్యం చెప్పదు, తెలుగు వాక్యమూ చెప్పదు. హిందీలో "భేజ్ చుకా హూఁ" అంటే పురుషుడు, "భేజ్ చుకీ హూఁ" అంటే స్త్రీ. సంతకం చేసే వారెవరో తెలియకుండా రాసి, మా అకౌంట్స్ మేడమ్ పేరు మీద "చుకా హూఁ" అని ఒకసారి పంపేశాను. అప్పటి నుంచి "మైఁనే సూచీ భేజ్ దీ హై" అని రాస్తున్నాను. ఇక్కడ "దీ" అన్నది స్త్రీలింగమైన సూచీని అనుసరిస్తుంది కనుక పంపినవారు ఎవరైనా వాక్యం సరిపోతుంది.

అలాగే "కల్" నిన్న కావచ్చు, రేపు కావచ్చు. క్రియ లేని సబ్జెక్ట్ లైనులో "కల్ కా డిస్పాచ్" అని వదిలేస్తే ఏ రోజో తెలియదు కాబట్టి తేదీ వేస్తాను.

పంపేముందు ముఖ్యమైన మెయిల్‌ను కాన్పూర్‌లోని డిస్పాచ్ గుమాస్తాకు ఫోనులో చదివి వినిపిస్తాను. అర్థమైందా అని అడగను, అడిగితే అవుననే అంటారు. ఇప్పుడు ఏం చేస్తారు, ఎప్పటిలోగా చేస్తారు అని అడుగుతాను. ఆయన "స్టాక్ మిలాకే శుక్రవార్ పాంచ్ బజే సే పహ్లే బతాఊంగా" అన్న తరువాతే పంపుతాను.