కుక్క చచ్చింది, ఇక హాయిగా తిరగండి: ధ్వని మీద అపోహలు - వాస్తవాలు

అలంకారశాస్త్రం పాఠం చెప్తూ ధ్వని, అంటే మాటల్లో చెప్పకుండానే తోచే అర్థం, దగ్గరికొచ్చేసరికి ప్రతి బ్యాచ్‌లోనూ దాదాపు అవే అపోహలు ఎదురవుతుంటాయి, అందుకే ఒక్క పద్యం పట్టుకుని వాటి గురించి రాస్తున్నా. పద్యం మన గోదావరి ఒడ్డుదే, హాలుడి గాథాసప్తశతిలోని ప్రాకృత గాథ. 9వ శతాబ్దంలో కశ్మీర్‌లో ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం రాస్తూ, పైకి చెప్పిన అర్థం వేరు, తోచే అర్థం వేరు అని చూపించడానికి ముందుగా ఎత్తుకున్నది దీన్నే.

భమ ధమ్మిఅ వీసత్థో సో సుణఓ అజ్జ మారిఓ దేణ
గోలాణఇకచ్ఛకుడంగవాసిణా దరిఅసీహేణ

"స్వామీ, ఇక నిశ్చింతగా తిరగండి, ఆ కుక్కని ఇవాళ చంపేసింది, గోదావరి ఒడ్డు పొదల్లో ఉండే ఆ పొగరుబోతు సింహం." అంతే, పద్యంలో ఇంకేం లేదు. చెప్తున్నది ఒక అమ్మాయి, ఆ పొదలే ఆమె ప్రియుణ్ణి కలుసుకునే చోటు, ఈయనేమో పువ్వులు కోసుకోడానికి రోజూ అటే వస్తాడు. కుక్కకే హడలిపోయే మనిషికి సింహం ఉందని చెప్తే ఇంకెప్పుడైనా అటు వెళ్తాడా? నోటితో "తిరగండి" అంది, చేరింది మాత్రం "రావద్దు" అని.

అపోహ: ధ్వని అంటే డబుల్ మీనింగ్, శ్లేష లాంటిదే.

కాదు. శ్లేషలో ఒకే మాటకి రెండర్థాలుంటాయి, ఆ మాట తీసి అదే అర్థమొచ్చే ఇంకో మాట పెడితే రెండో అర్థం పోతుంది. ఇక్కడ నేను పద్యం మొత్తాన్ని తెలుగులోకి మార్చేశాను, ఒక్క ప్రాకృతం మాట మిగల్లేదు, అయినా "రావద్దు" అన్నది చెక్కుచెదరలేదు కదా. అంటే అది మాటలోంచి కాదు, చెప్పిన విషయంలోంచి పుడుతోంది. దీన్నే అర్థశక్తిమూలం అంటారు. (శబ్దం మీద ఆధారపడే ధ్వని కూడా ఒకటుంది, అది వేరే కథ.)

అపోహ: అయితే "తిరగండి" అంటే లక్షణతో, మామూలు అర్థం వదిలేసి దానికి సంబంధించిన ఇంకోటి తీసుకోవడంతో, "తిరగొద్దు" అని అర్థం, వెటకారంగా అన్నట్టు.

ఇది బాగా చదివినవాళ్లు కూడా పడే పొరపాటు. లక్షణ రావాలంటే ముందు మామూలు అర్థం కుదరకుండా పోవాలి. "గంగలో పల్లె" అంటే నీళ్లలో పల్లె ఉండదు కాబట్టి ఒడ్డున అని తీసుకుంటాం. కుక్క చచ్చింది, తిరగండి అంటే అందులో కుదరనిదేముంది? ఆ స్వామిని అడిగితే "పాపం నా మంచికే చెప్పింది" అనే అంటాడు. ఆమెని ఎవరూ తప్పు పట్టలేరు, ఎందుకంటే వద్దని ఆమె అన్లేదు.

అపోహ: చెప్పనిదే కదా, ఎవరికి తోచింది వాళ్లు తీసుకోవచ్చు.

ఒక స్టూడెంట్ సింహమంటే ఆమె ప్రియుడే అని రాశాడు. ఆలోచన బానే ఉంది గానీ సింహం నిజం సింహం కాకపోతే స్వామికి భయమెందుకు, భయం లేకపోతే రావద్దన్నదే కూలిపోతుంది. ఎవరు చెప్తున్నారు, ఎవరితో, ఏ సందర్భంలో, ఏ చోట, ఇవన్నీ చూసుకోవాలని తర్వాతి ఆలంకారికుడు మమ్మటుడు కావ్యప్రకాశంలో లిస్ట్ ఇచ్చాడు. ఆ పైన ఒక్కో మాటా చూడండి. "సో", ఆ కుక్క, అంటే ఇంతకుముందు ఈయన్ని బెదరగొట్టిందే. "వాసిణా", అంటే సింహం అలా వచ్చి ఇలా పోయింది కాదు, అక్కడే కాపురం. "దరిఅ", మదమెక్కినది. ఆ ఒక్క "వాసిణా" తీసేసి "దారిన పోతున్న సింహం" అని పెట్టి చూడండి, స్వామి రేపొద్దున్నే పూలసజ్జ పట్టుకుని వచ్చేస్తాడు.

అపోహ: ఇదంతా లాజిక్కే, అనుమానప్రమాణం, అంటే ఒక కారణాన్ని బట్టి ఇంకోటి ఊహించి తేల్చడం, చాలు, ధ్వని అని కొత్త పేరెందుకు?

దీన్ని గట్టిగా వాదించినవాడు మహిమభట్టు, వ్యక్తివివేకంలో. సింహముంది, భయముంది, కాబట్టి వెళ్లకూడదు అని ఊహిస్తున్నాం, అంతే అన్నాడు. నిజానికి వినగానే సరే అనిపించే వాదన. మమ్మటుడి జవాబు నాకు ఎప్పుడూ ఇష్టం: పిరికివాడు కూడా గురువు ఆజ్ఞాపిస్తేనో ప్రేమ కొద్దీనో భయమున్న చోటికే వెళ్తాడు, కుక్క తాకుతుందని జంకేవాడు సింహానికి భయపడకపోవచ్చు, కాబట్టి ఆ లాజిక్ నిలబడదు.

ఆయన చెప్పిన మూడో కారణం ఇంకా ముఖ్యం, అది మా క్లాసులో ఒకమ్మాయి తనంతట తనే అడిగింది, "సార్, అసలు అక్కడ సింహం ఉందా?" అని. మమ్మటుడూ అదే అంటాడు. గోదావరి ఒడ్డున సింహాన్ని ఎవరూ చూళ్లేదు, ఉందనడానికి ఆమె మాటొక్కటే ఆధారం, ఆమె మాటేమో ప్రమాణం కాదు. హేతువే రుజువు కానప్పుడు అనుమానప్రమాణం కుదరదు. అయినా "రావద్దు" అన్నది మనకి చేరిపోయింది, సింహం ఉన్నా లేకపోయినా.